చీర ఇంకా మగ్గం మీదే ఉంది, తేదీ ఏమని చెప్పాలి?

హైదరాబాద్‌లో ఒక చిన్న ఆన్‌లైన్ చీరల దుకాణం ఉందనుకుందాం. దుకాణమంటే అపార్ట్‌మెంట్‌లో రెండు గదులు, ఒక వెబ్‌సైట్, ఒక వాట్సాప్ నంబరు. నడిపేది ఒక గృహిణి. అమ్మేవి పోచంపల్లి ఇక్కత్ పట్టుచీరలు. జూన్ చివర్లో ఆమె నెమలిపింఛం రంగు చీర వీడియో ఒకటి పెట్టింది. ఉన్నవి మూడే చీరలు, సాయంత్రానికల్లా మూడూ పోయాయి. రాత్రయ్యేసరికి ఇంకో నలభై మంది దాకా "నాకూ ఒకటి కావాలి, డబ్బులు ఇప్పుడే పంపిస్తా" అంటున్నారు.

ఇక్కడ ఆమెకు రెండు దారులున్నాయి. స్టాక్ లేదని చెప్పి ఊరుకోవచ్చు. లేదా డబ్బు తీసుకుని, వచ్చాక పంపిస్తానని మాటివ్వచ్చు. వ్యాపార భాషలో ఈ రెండో దారిని బ్యాక్‌ఆర్డర్ అంటారు. ఒకప్పుడు ఉండి, అయిపోయి, మళ్లీ రాబోతున్న సరుకుకు ముందే ఆర్డరు రాసుకోవడమన్నమాట. ఇంతవరకూ అమ్మకానికే రాని సరుకుకు రాసుకుంటే అది ప్రీ-ఆర్డర్. కొనేవాళ్లకు రెండూ ఒకటే, డబ్బు ముందు, వస్తువు తర్వాత. అమ్మేవాళ్లకు మాత్రం చాలా తేడా ఉంది. బ్యాక్‌ఆర్డర్ సరుకును ఇంతకుముందు ఎవరో ఒకసారి తయారుచేశారు, ఎన్ని రోజులు పట్టిందో చూశారు. ప్రీ-ఆర్డర్ సరుకుకు ఆ అనుభవం ఉండదు. కొత్త డిజైన్ ఇక్కత్ చీరంటే గ్రాఫ్ కాగితం మీద బొమ్మ గీయడం దగ్గర్నుంచి అన్నీ కొత్తే, ముడి ఎక్కడ పడాలో చేతికి అలవాటయ్యేదాకా పని నత్తనడకే. కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువభాగం నెమలిపింఛం చీర గురించే, అంటే బ్యాక్‌ఆర్డర్ గురించే.

దుకాణం ఆమె వెంటనే నేతాయనకు ఫోన్ చేస్తుంది. "అన్నా, అదే చీర మళ్లీ ఎయ్యాలె. ఎన్నిరోజులు పడతది?" ఆయన ఒక్క క్షణం ఆలోచించి "నెలన్నర పడతదక్కా" అంటాడు. ఆమె దానికి ఒక వారం కలుపుకుని వెబ్‌సైట్‌లో "ఏడు వారాల్లో పంపుతాం" అని రాసేస్తుంది. తర్వాత రెండు నెలలు ఆమె ఫోను ఎత్తలేని పరిస్థితి వస్తుంది. దీన్లో ఎవరూ అబద్ధం చెప్పలేదన్నది గమనించాలి. నేతాయన చెప్పిన నెలన్నర నిజమైన లెక్కే. దాని అర్థమే వేరు.

ఆ నెలన్నరలో ఏముందో విప్పి చూద్దాం. ఇక్కత్‌లో రంగు బట్టకు కాదు, నేయకముందే నూలుకు వేస్తారు. పట్టునూలు రావాలి, దాన్ని చుట్టాలి. తర్వాత ఆసు పోయాలి, అంటే డిజైన్‌కు తగ్గట్టు పేక నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్ల దాకా అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేకే ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. గంటల తరబడి పట్టే ఆ పని యంత్రంతో గంటన్నరలో అయిపోతోంది. కానీ ఆసు తర్వాతి పనికి ఏ యంత్రమూ లేదు. డిజైన్ గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్టాలి. దీన్నే చిటికి కట్టడం అంటారు. కట్టి ఒక రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, విప్పాలి, మరోచోట కట్టి ఇంకో రంగులో ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ తర్వాత పడుగును మగ్గానికి ఎక్కించి, పాత పడుగు పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. అప్పుడుగానీ నేత మొదలవదు.

మన ఉదాహరణలో ఒక పడుగు మీద ఏడు చీరలు వస్తాయనుకుందాం, రెండు మగ్గాల మీద ఒకేసారి వేస్తున్నారనుకుందాం. మొత్తం పద్నాలుగు చీరలు. నేతాయన లెక్క ఇలా ఉంటుంది. నూలు చుట్టడం నుంచి పడుగు మగ్గమెక్కేదాకా పదహారు రోజులు. చీరకు నాలుగు రోజుల చొప్పున ఏడు చీరలకు ఇరవై ఎనిమిది రోజులు. మడతపెట్టి ఇచ్చేందుకు ఒకరోజు. మొత్తం నలభై ఐదు. ఇవన్నీ పనిరోజులు. అందులో సెలవు లేదు, చుట్టాల పెళ్లి లేదు, జ్వరం లేదు, వాన లేదు. "ఏ అడ్డంకీ లేకపోతే ఎన్ని రోజులు?" అన్న ప్రశ్నకు ఆయన జవాబిచ్చాడు. కస్టమర్‌కు చెప్పాల్సింది ఇంకో ప్రశ్నకు జవాబు. ఉండే అడ్డంకులన్నీ ఉంటే ఎన్ని రోజులు?

ఈ రెండో జవాబు ఎవరినీ అడిగి తెలుసుకునేది కాదు. పాత లెక్కల్లోంచి తీయాలి. ఆమె దగ్గర ఇంతకుముందు నేయించిన పది పడుగుల తేదీలు ఒక పుస్తకంలో ఉన్నాయనుకుందాం. ప్రతిసారీ నేతాయన చెప్పింది నలభై ఐదు రోజులే. నిజంగా ఆఖరి చీర ఆమె చేతికొచ్చినవి మాత్రం 47, 49, 50, 52, 52, 55, 56, 58, 63, 74 రోజులకు. నలభై ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. చాలామంది ఇక్కడ సగటు తీస్తారు. సగటు 55 రోజుల చిల్లర. దాన్ని పట్టుకుని "55 రోజుల్లో" అని రాస్తే పదిసార్లలో నాలుగుసార్లు మాట తప్పుతుంది. సగటు అమ్మేవాళ్లకు ఉపయోగపడే అంకె, వచ్చే నెల ఎన్ని చీరలు చేతికొస్తాయో అంచనా వేసుకోవడానికి. కస్టమర్‌కు ఇచ్చే మాటకు అది పనికిరాదు, ఎందుకంటే సగటు కంటే ముందొచ్చిన చీర ఆలస్యంగా వచ్చిన చీర లోటు పూడ్చదు. ఒకామెకు వారం ముందే చీర అందిందని, పెళ్లి దాటిపోయాక అందుకున్న ఇంకొకామె శాంతించదు కదా.

అందుకని చూడాల్సింది పదిలో తొమ్మిదిసార్లు ఎన్ని రోజుల్లోపు వచ్చిందన్నది. ఇక్కడ అది 63. జులై 1న ఆర్డర్లు తీసుకుంటే ఆఖరి చీరకు సెప్టెంబర్ 2 అని రాయాలి. ఆ పదో పడుగు, 74 రోజులు పట్టినది, దాన్నీ కలుపుకుని తేదీ ఇస్తే మరీ మంచిది కదా అనిపించవచ్చు. కానీ అంత దూరం తేదీ చూస్తే చాలామంది కొనరు. పదిలో ఒకసారి తప్పుతుందని ఒప్పుకుని, తప్పినప్పుడు ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉండటం నయం. పుస్తకంలో పది వరసలు లేవు, మూడే ఉన్నాయంటే ఆ మూడింట్లో అన్నిటికంటే ఆలస్యమైనదే తీసుకోవాలి.

అయితే ఈ పుస్తకం ఇంకో సంగతి కూడా చెబుతుంది, నా దృష్టిలో ఇదే అసలు సంగతి. ఆ రోజుల్ని రెండుగా విడదీసి రాసుకుంటే, అంటే పడుగు మగ్గమెక్కేదాకా ఎన్ని, ఎక్కాక ఎన్ని అని, పరిస్థితి మారిపోతుంది. మన పది పడుగుల్లో మగ్గమెక్కడానికి పట్టినవి తక్కువలో తక్కువ 16 రోజులు, ఎక్కువలో ఎక్కువ 36. మగ్గమెక్కాక మాత్రం 31కి తగ్గలేదు, 38కి మించలేదు. అంటే తేదీలు తారుమారయ్యేది దాదాపుగా మొదటి సగంలోనే. నూలు సమయానికి అందకపోవడం అక్కడే. అనుకున్న నీలం రాక మళ్లీ ముంచడం అక్కడే. ముసురు పట్టి రంగు నూలు ఆరకపోవడం, చిటికి కట్టే ఇంటి ఆడవాళ్లు పొలం పనికో పెళ్లికో వెళ్లడం అన్నీ అక్కడే. మగ్గమెక్కిన తర్వాత మిగిలేది నేత. నిదానమైన పనే, కానీ రోజుకు ఎంత నడుస్తుందో కంటికి కనిపిస్తుంది.

కాబట్టి డబ్బు ఎప్పుడు తీసుకోవాలన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. నలభై మంది అడుగుతున్న ఆ రాత్రి కాదు. పడుగు మగ్గమెక్కిన రోజున. ఆ రాత్రి చేయాల్సింది పేరు, ఫోన్ నంబరు, ఎప్పటికి కావాలన్నది రాసుకుని, "పడుగు మగ్గమెక్కగానే మీకు కబురు పెడతాం, అప్పుడు తేదీ చూసుకుని డబ్బు కట్టండి" అనడం. పైసా తీసుకోకూడదు. జులై 24న మగ్గమెక్కిందనుకోండి. మగ్గమెక్కాక తొమ్మిదిసార్లు 36 రోజుల్లోపు వచ్చేసింది కాబట్టి ఆఖరి చీరకు ఆగస్టు 29 అని రాయొచ్చు. చీర వచ్చే రోజు మారలేదు. మాటకు బలం పెరిగింది, కస్టమర్ డబ్బు 63 రోజులు పట్టుకుని కూర్చునే బదులు 36 రోజులే ఉంటుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది చిన్నదేం కాదు. చిన్న దుకాణాలు చాలావరకు అడ్వాన్సుల డబ్బుతోనే నూలు కొంటాయి. మగ్గమెక్కేదాకా డబ్బు తీసుకోకపోతే నూలుకు పెట్టుబడి ఎక్కడిది? నిజమే. కానీ చీర ధర తొమ్మిది వేలనుకుంటే పన్నెండు ఆర్డర్లకు లక్షా ఎనిమిది వేలు. ఆ డబ్బు నూలులో, కూలీలో కలిసిపోయాక ఒకామె "నాకొద్దు, డబ్బు వెనక్కివ్వండి" అంటే తీసి ఇవ్వడానికి ఏమీ ఉండదు. అప్పుడు మొదలవుతుంది "రేపు పంపుతా, ఎల్లుండి పంపుతా". మగ్గమెక్కక ముందే డబ్బు తప్పదనుకుంటే మూడో వంతు మించకుండా అడ్వాన్సు తీసుకుని, మిగతాది చీర కోసి చేతికొచ్చాక తీసుకోవడం మధ్యేమార్గం. వచ్చిన అడ్వాన్సును చీర కొరియర్‌కు ఇచ్చేదాకా వేరే ఖాతాలో ఉంచగలిగితే ఇంకా మంచిది. పన్ను విషయంలో భయపడక్కర్లేదు. వస్తువుల మీద తీసుకున్న అడ్వాన్సుకు 2017 నవంబర్ నుంచి మామూలు డీలర్లు అప్పటికప్పుడు జీఎస్టీ కట్టనక్కర్లేదు, బిల్లు ఇచ్చినప్పుడు కడితే చాలు. అడ్వాన్సు అందినట్టు రసీదు ఓచర్ మాత్రం ఇవ్వాలి.

ఎంతమంది దగ్గర తీసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. పద్నాలుగు చీరలు వస్తున్నాయి కదాని పద్నాలుగు ఆర్డర్లు రాసుకోకూడదు. ఒక చీరలో డిజైన్ అంచులు కలవకపోవచ్చు, ఒకదానిలో పోగు తెగి గీత కనపడొచ్చు. పన్నెండు రాసుకుని రెండు చేతిలో ఉంచుకోవాలి. నలభై మందిలో మిగతావాళ్లకు తర్వాతి పడుగు అని నిజం చెప్పాలి, అదీ వేరే తేదీతో. రంగు కూడా ఒక తొట్టికి ఇంకో తొట్టికి కొద్దిగా తేడా వస్తుంది. వీడియోలో చూసిన నెమలిపింఛమే అచ్చంగా వస్తుందని చెప్పకుండా ఆ తేడా సంగతి డబ్బు కట్టకముందే రాసి పెట్టాలి.

ఇక్కడ వెబ్‌సైట్‌లో ఒక ఉచ్చు ఉంది. షాపిఫైలో `Continue selling when out of stock` అనే టిక్కు ఉంటుంది. వూకామర్స్‌లో `Allow backorders?` అన్నచోట `Allow, but notify customer` అని ఎంచుకోవచ్చు. ఆన్ చేశామంటే ఇక అమ్ముతూనే పోతుంది. స్టాక్ సున్నా నుంచి మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ ముప్పై దాకా జారిపోతుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. ఉన్నవి పద్నాలుగే అని మగ్గానికి తెలుసుగానీ వెబ్‌సైట్‌కు తెలియదు. దీనికి అన్నిటికన్నా తేలికైన విరుగుడు ఆ టిక్కు అసలు పెట్టకపోవడమే. రాబోయే చీరల కోసం వేరే పేజీ తెరిచి, స్టాక్ దగ్గర పన్నెండు అని వేసి, పేరులోనే "ఆగస్టు 29 లోపు పంపుతాం" అని రాస్తే సరిపోతుంది. పన్నెండో ఆర్డరుతో దానంతటదే మూతపడుతుంది.

పన్నెండు మందికీ ఒకటే తేదీ ఇవ్వాల్సిన పని కూడా లేదు. మగ్గం నుంచి చీరలు ఒక్కసారి దిగవు. ఒక్కో మగ్గం మీద మొదటి మూడు చీరలు ముందు కోసి తెస్తారు, మిగతా నాలుగు తర్వాత. మొదటి మూడింటికి నేతాయన లెక్క పన్నెండు రోజులు, మడతకు ఒకటి. పాత అనుభవం ప్రకారం ఆయన లెక్కకు పావు వంతు కలుపుకుంటే పదహారు రోజులు, అంటే ఆగస్టు 9. ఇంకో రెండు రోజులు కలిపి ఆగస్టు 11. ఈ విడతలో ఆరు చీరలు వస్తాయి, ఒకటి ఉంచుకుని ఐదు రాసుకోవచ్చు. రెండో విడతలో ఎనిమిది వస్తాయి, ఏడు రాసుకుని ఆగస్టు 29 అని చెప్పొచ్చు. త్వరగా కావాల్సినవాళ్లు మొదటి విడత ఎంచుకుంటారు, తొందర లేనివాళ్లకు రెండోది సరిపోతుంది. అందరికీ ఆగస్టు 29 అని చెప్పి కొందరికి ముందే పంపితే బాగుండదా అంటే, శ్రావణమాసంలో చీర కట్టుకోవాలనుకున్నామె ఆ తేదీ చూసి ఇంకో దుకాణానికి వెళ్లిపోతుంది.

తేదీ రాసే తీరులోనూ తప్పులు జరుగుతాయి. "నాలుగు నుంచి ఆరు వారాల్లో" అని రాస్తే కొనేవాళ్లు నాలుగే చదువుతారు, అమ్మేవాళ్లు ఆరే గుర్తుపెట్టుకుంటారు. అదీగాక ఆర్డరు ఇచ్చిన రోజు నుంచా, పేజీ తెరిచిన రోజు నుంచా? వారాలు మానేసి కేలెండర్ తేదీ ఒకటే రాయాలి, "లోపు" అని చేర్చాలి. ఆ తేదీ దేనిదో కూడా చెప్పాలి. కొరియర్ వాళ్ల చేతికి ఇచ్చే తేదీయా, ఇంటికి చేరే తేదీయా? "ఆగస్టు 11 లోపు మా దగ్గర నుంచి బయల్దేరుతుంది. అక్కడి నుంచి తెలుగు రాష్ట్రాల్లో రెండు మూడు రోజులు, మిగతా ఊళ్లకు ఐదారు రోజులు" అని విడగొట్టి రాస్తే గొడవ ఉండదు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న చెల్లెలికి పంపమంటే కస్టమ్స్ దగ్గర ఎన్నిరోజులు ఆగుతుందో దుకాణం చేతిలో లేదని కూడా అక్కడే చెప్పాలి. ఇదంతా డబ్బు కట్టే బటన్‌కు పైన కనపడాలి. డబ్బు కట్టాక వచ్చే మెసేజ్‌లో మొదటిసారి చూస్తే అది మోసంలాగే అనిపిస్తుంది. వెబ్‌సైట్ తలమీద "24 గంటల్లో డిస్పాచ్" అని ఎప్పుడో పెట్టిన పట్టీ ఇంకా తిరుగుతూ ఉంటే చీర పేజీలో ఎంత స్పష్టంగా రాసినా వృథా. జనం పైదే చదువుతారు.

అన్నిటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "మీకు ఏ తేదీకి కావాలి?" మన దగ్గర చీర కొనేది చీర కోసమే కాదు. వరలక్ష్మీ వ్రతానికో, పెళ్లికో, సీమంతానికో కొంటారు. ఆగస్టు 11న బయల్దేరిన చీర 14న చేరితే ఫాల్ కుట్టాలి, జాకెట్ కుట్టించాలి. పెళ్లిళ్ల కాలంలో టైలరు వారానికి తక్కువ ఒప్పుకోడు. అంటే 22కు ముందు ఫంక్షన్ ఉన్నామెకు మొదటి విడత చీర కూడా పనికిరాదు. ఆర్డరు ఫారంలో ఈ ఒక్క గడి పెట్టి, తేదీ కుదరనివాళ్లకు "ఈ చీర మీకు అప్పటికి అందదండీ, ఇప్పుడు చేతిలో ఉన్నవి చూపించమంటారా?" అని ముందే చెబితే ఒక ఆర్డరు పోతుంది. పోనివ్వాలి. పండగ పోయాక వచ్చిన చీర ఎలాగూ తిరిగొస్తుంది, రానూపోనూ కొరియర్ ఖర్చుతో సహా.

క్యాష్ ఆన్ డెలివరీ గురించి ఒక్క మాట. ముందస్తు ఆర్డర్లకు అది పెట్టకూడదు. నెల తర్వాత గుమ్మం ముందు నిలబడ్డ కొరియర్ కుర్రాణ్ని చూసి "ఇదెప్పుడు ఆర్డరు చేశాను?" అనేవాళ్లు ఉంటారు.

ఇక ఆలస్యం ఎలా పసిగట్టాలి? ఆగస్టు 11న కాదు, అప్పటికి చేసేదేమీ ఉండదు. మగ్గమెక్కిన పదో రోజున, ఆగస్టు 3న, ఒక ఫోను చెయ్యాలి. "అన్నా, ఎట్ల నడుస్తున్నది?" అని కాదు. అలా అడిగితే "మంచిగనే నడుస్తున్నదక్కా" అన్న జవాబే వస్తుంది. "ఒక్కో మగ్గం మీద ఎన్ని చీరలు అయినయ్? ఒక ఫొటో పెట్టు" అనడగాలి. లెక్క ప్రకారం అప్పటికి రెండేసి అయ్యుండాలి. మొదటి మగ్గం మీద రెండయ్యాయి. రెండో మగ్గం గుంట మగ్గం, ముసురుకు గుంటలో నీళ్లు ఊరి నాలుగు రోజులు పని ఆగింది, ఇంకా మొదటి చీరే పూర్తి కావస్తోంది. వానాకాలంలో గుంట మగ్గానికి ఇది కొత్త కాదు.

ఇప్పుడు అంకెలు మళ్లీ వేసుకుందాం. ఆగస్టు 9 నాటికి మొదటి మగ్గం నుంచి మూడు చీరలు వస్తాయి. రెండో మగ్గం నుంచి ఒక్కటే. మొత్తం నాలుగు. మాటిచ్చింది ఐదుగురికి. చేతిలో ఉంచుకుందామనుకున్న చీర ఇక లేనట్టే. మొదటి నలుగురికీ ఏ ఇబ్బందీ లేదు, ఐదో ఆమెకు మాత్రం ఆలస్యమవుతుంది. చాలా దుకాణాలు ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తాయి. పన్నెండు మందికీ "వర్షాల వల్ల కొంత ఆలస్యం కావచ్చు" అని ఒకే మెసేజ్ పడేసి పదకొండు మందిని అనవసరంగా కంగారు పెడతాయి. లేదా ఎవరికీ ఏమీ చెప్పకుండా ఏదైనా అద్భుతం జరుగుతుందేమోనని చూస్తాయి. వరస ప్రకారం ఐదో ఆమె ఎవరో తెలిసినప్పుడు ఆమెకొక్కరికే ఆగస్టు 4న చెప్పాలి. ఇలా ఉండొచ్చు ఆ మెసేజ్:

"నమస్తే అండీ. మీ నెమలిపింఛం ఇక్కత్ చీర ఆగస్టు 11 లోపు పంపుతామన్నాం. రెండో మగ్గం గుంటలో వాన నీళ్లు చేరి నాలుగు రోజులు నేత ఆగింది. మీ చీర ఆగస్టు 20 లోపు బయల్దేరుతుంది. అప్పటిదాకా ఆగుతారా, ఇప్పుడు సిద్ధంగా ఉన్న వేరే చీర తీసుకుంటారా, డబ్బు వెనక్కి పంపమంటారా? డబ్బే కావాలంటే ఈరోజే పంపిస్తాం."

ఇందులో కారణం ఒక్క వాక్యమే. కొత్త తేదీ ఉంది, ఏం చేయాలో ఎంచుకునే హక్కు ఆమెకే ఉంది. క్షమాపణలతో నింపిన పెద్ద ఉత్తరం కంటే ఆమెకు కావాల్సింది ఇదే. కొత్త తేదీ ఎందుకు 20 అన్నది చూడండి. నీళ్లు తోడేశారు కాబట్టి రెండో మగ్గం మీది రెండో చీర 13కల్లా రావాలి. 14 అని రాయాలనిపిస్తుంది. రాయకూడదు. ఒకసారి వాయిదా వేస్తే చాలామంది ఓర్చుకుంటారు. రెండోసారి వేస్తే డబ్బు వెనక్కి అడుగుతారు, తప్పు కూడా కాదు. అందుకని మొదటి తేదీ కంటే రెండో తేదీకే ఎక్కువ ఊపిరి పోయాలి.

డబ్బు వెనక్కిచ్చే మాట దుకాణం దయ కాదని కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన సమయం కంటే ఆలస్యంగా సరుకు అందితే వెనక్కి తీసుకోననీ, డబ్బు ఇవ్వననీ అమ్మకందారు అనడానికి వీల్లేదు. మానవాతీతమైన కారణాలకు మినహాయింపు ఉంది. కానీ ఏటా జులైలో కురిసే వాన ఆ మినహాయింపు కిందికి వస్తుందని వాదించడం కష్టం. అమెరికాలో ఈ సంగతి ఇంకా పాతది. పోస్టులో ఆర్డర్లు తీసుకునే రోజుల్లో, 1975లో, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిబంధనే తర్వాత ఇంటర్నెట్ ఆర్డర్లకూ వర్తించింది. తేదీ చెప్పేటప్పుడు దానికి తగిన ఆధారం ఉండాలన్నది అందులో మొదటి మాట. తేదీ చెప్పకపోతే 30 రోజుల్లో పంపాలి. మొదటిసారి ఆలస్యం 30 రోజుల లోపే అని తెలియజేస్తే, కొన్నవాళ్లు మాట్లాడకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క. అంతకు మించినా, రెండోసారి వాయిదా పడినా వాళ్లు స్పష్టంగా సరేననాలి, లేకపోతే డబ్బు వెనక్కి పంపేయాలి. పోచంపల్లి చీరకు దాంతో పనిలేదనుకున్నా, ఆ మొదటి మాట మాత్రం మన తేదీల పుస్తకం గురించే రాసినట్టుంటుంది.

చీరలు దిగడం మొదలయ్యాక వచ్చే చిక్కు వేరు. ఆగస్టు 9న నాలుగు చీరలు టేబుల్ మీద ఉన్నాయి, వాటికి సొంతదారులున్నారు. సరిగ్గా అప్పుడే పక్క ఫ్లాట్‌లో ఆమె వచ్చి "అబ్బ, ఎంత బాగుందండీ, నేను పట్టుకెళ్తా, వాళ్లకు తర్వాతది పంపండి" అంటుంది. లేదా శనివారం ఎగ్జిబిషన్ స్టాల్ ఉంటుంది, అక్కడ చూపించడానికి ఒకటైనా ఉండాలనిపిస్తుంది. వెబ్‌సైట్‌లో వచ్చిన ఆర్డర్లు ఒకచోట, వాట్సాప్‌లో వచ్చినవి ఫోన్‌లో, బంధువులకు నోటిమాటగా చెప్పినవి బుర్రలో ఉంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా సులువుగా జరిగిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరికో "మీకు పక్కా" అని రాసిన సంగతి పన్నెండో చీర ప్యాక్ చేశాక గుర్తొస్తుంది. ఏ దారిన వచ్చిన ఆర్డరైనా వెంటనే వెబ్‌సైట్‌లోనే ఎక్కించి స్టాక్‌లోంచి ఒకటి తగ్గించడం తప్ప దీనికి వేరే మందు లేదు. డబ్బు పడిన సమయాన్ని బట్టి వరస, ఆ వరస ప్రకారమే చీర. మగ్గం నుంచి దిగిన చీరకు అదేరోజు ఆర్డరు నంబరు చీటీ కట్టేస్తే పక్క ఫ్లాట్ ఆమెకు చెప్పడం కూడా తేలిక.

ఒకే ఆర్డరులో రెండు రకాలుంటే? నెమలిపింఛం చీరతోపాటు సిద్ధంగా ఉన్న దుపట్టా ఒకటి కొన్నారనుకోండి. దుపట్టా చీర కోసం ఆగాలా, ముందే వెళ్లాలా? ముందే పంపితే కొరియర్ ఖర్చు రెండుసార్లు. ఇది డబ్బు కట్టేటప్పుడే అడగడం మేలు. రెండో కొరియర్ ఖర్చు దుకాణమే పెట్టుకోగలిగితే అడగకుండానే దుపట్టా పంపేయడం ఇంకా మేలు, చేతికొకటి అందిన మనిషి రెండోదానికి మరింత నిబ్బరంగా ఆగుతుంది.

పన్నెండు మందిలో ఒకరిద్దరు మధ్యలో మానుకుంటారు. వాళ్ల చీర మళ్లీ స్టాక్‌లోకి రాకూడదు, జూన్‌లో పేరు రాసుకున్న నలభై మందిలో పదమూడో వ్యక్తికి ఫోను వెళ్లాలి. ఆమె జవాబివ్వడానికి ఒక రోజు గడువు, ఆ తర్వాత పద్నాలుగో ఆమెకు. చేతిలో ఉంచుకున్న చీరలు కూడా, లోపాలేమీ తేలకపోతే, ఇదే వరసలో పోతాయి. అవి ఎవరికి వెళ్లాయో, ఏ తేదీన వెళ్లాయో పుస్తకంలో పదకొండో వరసగా రాసుకోవాలి. నేతాయన చెప్పింది ఎన్ని, పడుగు మగ్గమెక్కింది ఎప్పుడు, ఆఖరి చీర దిగింది ఎప్పుడు, మధ్యలో ఆగింది ఎందుకు. తర్వాతి పడుగుకు ఫోన్ చేసినప్పుడు ఆయన మళ్లీ నెలన్నర అనే అంటాడు.